“ఏమండీ” అనాల్సిన చోట “విను” అంటోంది: మెషీన్ అనువాదంలో నువ్వు/మీరు, నుడికారాల గొడవ

సరళ_సబ్స్ · శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్తే అండి. నేను విజయవాడలో ఉంటాను, సబ్‌టైటిల్స్ రాస్తాను. ఇదివరకు మొత్తం మేమే రాసేవాళ్ళం, ఇప్పుడు ఏజెన్సీ వాళ్ళు ముందే మెషీన్‌తో తెలుగు చేయించి ఫైల్ పంపుతున్నారు, దాన్ని దిద్దిపెట్టాలి, రేటేమో సగానికి సగం. సరే దాని సంగతి వదిలేద్దాం, నా డౌట్ వేరే.

ఇప్పుడు చేస్తున్నది హిందీ సీరియల్. కానీ మాకు నేరుగా హిందీ నుంచి రాదు, వాళ్ళు ముందు ఇంగ్లీష్ ఫైల్ ఒకటి చేసుకుని, దాంట్లోంచే మిగతా భాషలన్నిటికీ పంపిస్తారు. కొత్త కోడలు, ముందు భర్తని “సునియే” అని పిలుస్తుంది, వెంటనే అత్తగారి వైపు తిరిగి “ఆప్ బైఠియే, మై లాతీ హూఁ” అంటుంది. ఇంగ్లీష్ ఫైల్‌లో ఇలా ఉంది:

```
214
00:17:42,300 --> 00:17:43,100
Listen.

215
00:17:43,900 --> 00:17:46,200
Sit down, I'll get it.
```

మెషీన్ ఇచ్చిన తెలుగు: “విను.” ఆ తర్వాత “కూర్చో, నేను తెస్తాను.” కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల మొగుణ్ణి “విను” అని, అత్తగార్ని “కూర్చో” అని అంటుందా అండి ఎక్కడైనా? మొదటిది “ఏమండీ”, రెండోది “మీరు కూర్చోండి అత్తయ్యా, నేను తెస్తా”. అంతే కదా. ఇంకా విచిత్రం ఏంటంటే పది లైన్ల తర్వాత అదే కోడలు అదే అత్తగార్ని “మీరు తిన్నారా?” అంటుంది, మళ్ళీ రెండు లైన్లకి “నీకు ఏం కావాలి?” అంటుంది.

అదే సీన్‌లో అత్తగారు “జలే పర్ నమక్ మత్ ఛిడ్కో” అంటే, ఇంగ్లీష్ మీదుగా వచ్చి “గాయం మీద ఉప్పు చల్లకు” అయింది. మనం పుండు మీద కారం చల్లుతాం గానీ ఉప్పు ఎప్పుడు చల్లాం?

నా ప్రశ్న ఇదీ. ఒకే ఇద్దరి మధ్య ఈ నువ్వు-మీరు ఇలా గంతులేయడానికి కారణం ఏంటి? పాతకాలం రూల్స్‌తో నడిచే మెషీన్లలో కూడా ఇలాగే ఉండేదా, లేక కొత్తగా వచ్చిన జబ్బా?

---

టైపింగ్_తిప్పలు · ఉదయం 10:31

అక్కా, నాకూ ఇదే ప్రాబ్లం, ఫోన్‌లో “మీరు” అని కొడితే “మిరు” అని పడుతోంది, దీర్ఘం రావట్లేదు. కీబోర్డ్ మార్చేస్తే సరిపోతుందా?

---

సరళ_సబ్స్ · ఉదయం 10:34

తమ్ముడూ, నాది టైపింగ్ సంగతి కాదమ్మా, మెషీన్ చేసే అనువాదం గురించి. నీ ఫోన్‌కి వేరే కీబోర్డ్ వేసి చూడు.

---

డేటా_కుర్రాడు · ఉదయం 11:05

ఇది సింపుల్ అండి, డేటా తక్కువ. ఎంటెక్‌లో నా ప్రాజెక్ట్ ఇదే ఏరియా. రూల్స్ ఉన్న రోజుల్లో మనుషులు కూర్చుని గ్రామర్ రాసేవాళ్ళు, అది ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. తర్వాత స్టాటిస్టికల్ వచ్చింది, లక్షల వాక్యాల జంటలు చూసి ఏ ముక్కకి ఏ ముక్క అని లెక్కలు వేసుకునేది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు చేరింది 2011లో, అప్పుడు ఆ పద్ధతే. 2017లో తెలుగుకి కూడా న్యూరల్ పెట్టారు, అంటే ముక్కలు ముక్కలుగా కాకుండా వాక్యం మొత్తాన్ని ఒకేసారి చూసి అనువదించే పద్ధతి, అప్పట్నుంచి వాక్యం వాక్యంలా వస్తోంది, పాతది చూసినవాళ్ళకి తేడా తెలుసు, కర్త ఎక్కడో క్రియ ఎక్కడో ఉండేవి. కాబట్టి ఇంగ్లీష్-తెలుగు జంటలు ఇంకో పది రెట్లు పెరిగితే ఈ నువ్వు-మీరు కూడా దానంతటదే సెట్ అయిపోద్ది. జర్మన్‌కి, ఫ్రెంచ్‌కి ఇలాంటి ఇబ్బందులేం లేవు చూడండి, డేటా ఎక్కువ కాబట్టి.

---

మాటల_మూట · మధ్యాహ్నం 12:48

చరిత్ర బాగానే చెప్పావు నాయనా, కానీ జర్మన్‌కి ఇబ్బంది లేదన్నది మాత్రం నిజం కాదు. అది చివర్లో చెప్తా. ముందు సరళ గారి ఫైల్‌లోనే జవాబు ఉంది, అది చూద్దాం.

215 లైన్ మళ్ళీ చదవండి. “సిట్ డౌన్” అన్న ఇంగ్లీష్ మాటలో గౌరవం ఎంత ఉంది? ఎక్కువా లేదు తక్కువా లేదు, ఆ సమాచారమే అందులో లేదు. హిందీలో “బైఠియే” అన్నప్పుడు ఉంది, ఇంగ్లీష్ ఫైల్ చేసినప్పుడు పోయింది, ఇప్పుడు తెలుగులోకి వచ్చేసరికి మళ్ళీ కావాల్సొచ్చింది, ఎందుకంటే తెలుగులో “కూర్చో” అనో “కూర్చోండి” అనో ఏదో ఒకటి అనకుండా వాక్యం పూర్తి కాదు. అంటే లేని దాన్ని మెషీన్ ఊహించాలి. డేటా వంద రెట్లు పెరిగినా ఆ ఒక్క లైన్ చూసి ఎదురుగా ఉన్నది అత్తగారని ఎవరు చెప్పగలరు? ఆ ఇంగ్లీష్ లైన్ ఒక్కటే మీ చేతికిస్తే మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఇక గంతులు ఎందుకంటే, మామూలు న్యూరల్ మెషీన్ ఒక వాక్యం తీసుకుంటుంది, తెలుగు చేస్తుంది, మర్చిపోతుంది, తర్వాతి వాక్యం కొత్తగా మొదలుపెడుతుంది. 215లో ఏమన్నదో 225కి వచ్చేసరికి దానికి తెలీదు. నేర్చుకున్నది వాక్యాల జంటల నుంచే కాబట్టి ప్రతి లైన్‌కీ “ఇలాంటి ఇంగ్లీష్‌కి నేను చూసిన తెలుగులో ఎక్కువగా ఏముంది” అన్నదే దాని లెక్క.

మరి అది చూసిన తెలుగు ఏంటి? ఇక్కడే అసలు కథ ఉంది. ఇంగ్లీష్-తెలుగు జంటలు బజారులో ఎక్కడ దొరుకుతాయో ఆలోచించండి. ప్రభుత్వ ప్రకటనలు, ప్రధాని ప్రసంగాలు, వార్తలు, వీడియో పాఠాలు, కంప్యూటర్ మెనూలు, బైబిలు. మెనూల్లో అంతా “క్లిక్ చేయండి, ఎంచుకోండి”. ప్రసంగాల్లో అంతా “మీరు”. బైబిల్లో అయితే దేవుడైనా రాజైనా బిచ్చగాడైనా “నీవు”, “నీ నామము పరిశుద్ధపరచబడు గాక” అని తండ్రినే నీవు అంటాం, అది అగౌరవం కాదు, ఆ భాష పద్ధతి అది. ఇవన్నీ ఒకే కుండలో పోసి కలిపారు. కాబట్టి “హావ్ యు ఈటెన్” లాంటి మర్యాద ప్రశ్నకి “మీరు” వస్తుంది, “వాట్ డు యు వాంట్” అన్నదానికి కథల తెలుగు గుర్తొచ్చి “నీకు” వస్తుంది. సరళ గారి సీన్‌లో జరిగింది అదే, మాట్లాడేవాళ్ళని బట్టి కాదు, లైన్ వాసనని బట్టి మారింది.

పాత సిస్టమ్స్ సంగతి సాయంత్రం రాస్తా, భోజనానికి పిలుస్తున్నారు.

---

డల్లాస్_నాన్న · మధ్యాహ్నం 1:20

మాకు దీనికి రివర్స్‌లో జరిగిందండి. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మా అమ్మ ఏలూరు నుంచి వాట్సాప్‌లో రాస్తే వాడు కాపీ చేసి ఇంగ్లీష్‌లోకి మార్చుకుని చదువుకుంటాడు. మొన్న అమ్మ మూడు మెసేజ్‌లు విడివిడిగా పెట్టింది: “డాక్టరుగారు ఇంటికి వచ్చారు.” “చూశారు.” “రేపు రమ్మన్నారు.” మొదటిది సరిగ్గానే వచ్చింది, మిగతా రెండూ “దే సా”, “దే ఆస్క్‌డ్ టు కమ్ టుమారో” అని వచ్చాయి. వీడు కంగారుగా వచ్చి “డాడీ, నానమ్మ ఇంటికి డాక్టర్‌తో పాటు ఇంకెవరో చాలామంది వచ్చారు” అన్నాడు. ఇంకోసారి అమ్మ మా అక్క గురించి “అక్క వచ్చింది” అని ఒక మెసేజ్, “అన్నం వండింది” అని ఇంకో మెసేజ్ పెడితే రెండోది “ఇట్ కుక్డ్ రైస్”. ఏదో వస్తువు వండినట్టు.

---

మాటల_మూట · సాయంత్రం 6:10

డల్లాస్ గారూ, మీ వాడికి ఎదురైంది ఇదే గొడవ, అటువైపు నుంచి. తెలుగులో “చూశారు” అంటే నాలుగు అర్థాలు: మీరు చూశారు, వాళ్ళు చూశారు, ఆయన చూశారు, ఆవిడ చూశారు. గౌరవానికి మనం బహువచనమే వాడతాం, పైగా కర్తని వదిలేస్తాం. అలాగే “వండింది” అంటే ఆమె అయినా అదైనా ఒకటే రూపం. పక్క మెసేజ్ చూస్తే ఎవరో తెలుస్తుంది, ఒంటరిగా ఇస్తే తెలీదు. మూడు మెసేజ్‌లూ కలిపి ఒకే పేరాగా పేస్ట్ చేయమనండి మీ అబ్బాయిని. చాలాసార్లు కుదురుతుంది, అన్నిసార్లూ కాదు.

ఇప్పుడు సరళ గారి రెండో ప్రశ్న. అలాంటి ఒక తెలుగు-హిందీ రూల్స్ సిస్టమ్‌కి నేను కొన్నాళ్ళు డిక్షనరీ ఎంట్రీలు రాశాను. అప్పట్లో మాకందరికీ దారి చూపించింది “అనుసారక”, ఐఐటీ కాన్పూర్‌లో వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గార్లు మొదలుపెట్టి తర్వాత హైదరాబాద్ తీసుకొచ్చిన పని. పాణిని పద్ధతిలో మాటని విప్పి చూడటం దాని పునాది. “కూర్చోండి” వస్తే ముందు విప్పుతాం: ధాతువు కూర్చో, చెయ్యమని చెప్పడం, గౌరవం లేదా బహువచనం. ఆ ముక్కలు పట్టుకుని హిందీలో బైఠ్, దానికి “ఇయే” తగిలిస్తే “బైఠియే”. మధ్యలో ఇంగ్లీష్ లేదు కాబట్టి గౌరవం ఎక్కడా జారిపోదు. ఈ ఒక్క విషయంలో నలభై ఏళ్ళ కిందటి ఆలోచన ఇవాళ మీ ఏజెన్సీ నడుపుతున్న పద్ధతికన్నా మెరుగు, నేను ఎవరితోనైనా వాదిస్తా.

కానీ అది కూడా తప్పు చేసేది. “పిల్లలూ, కూర్చోండి” అంటే అక్కడ “అండి” గౌరవం కాదు, ఉత్త బహువచనం, హిందీలో “బచ్చో, బైఠో” అనాలి. మెషీన్ మాత్రం పిల్లల్ని కూడా “బైఠియే” అనేది. దానికొక రూలు రాస్తే, “పిల్లలూ” అనే పిలుపు ముందు వాక్యంలో ఉన్నప్పుడు ఆ రూలు పనిచేసేది కాదు. అంటే వాక్యం దాటి చూడలేకపోవడం అన్న లోటు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వాక్యం మొత్తం మీద చూస్తే ఆ పాత హిందీ చదవడానికి చాలా మొరటుగా ఉండేది, దాన్ని నేను దాచను. అనుసారక వాళ్ళయితే దాన్ని అనువాదం అనే అనలేదు, తెలుగు రాని హిందీవాడు కాస్త అలవాటు చేసుకుని చదువుకునేందుకు ఒక ఆసరా అన్నారు.

---

కోనసీమ_పిన్ని · సాయంత్రం 6:42

నుడికారాల మాటేంటి మాస్టారూ? అవి డిక్షనరీలో రాసేస్తే అయిపోదా? “నీళ్ళు నమలడం” అంటే తడబడటం అని ఒకసారి రాసి పెడితే చాలు కదా.

---

మాటల_మూట · రాత్రి 8:15

మీరు సరిగ్గా మేం చేసిన పనే చెప్పారమ్మా. “నీళ్ళు నమలడం” రాయడం తేలిక, ఎందుకంటే నిజంగా ఎవరూ నీళ్ళు నమలరు. మాటని విప్పే సాధనం చేతిలో ఉంది కాబట్టి నమిలాడు, నములుతున్నావేంటి, నమలకుండా చెప్పు, ఏ రూపంలో వచ్చినా ధాతువు పట్టుకుంటే దొరికేది. మధ్యలో ఏదైనా దూరినా, “నీళ్ళు కాసేపు నమిలి” అన్నా, రెండు మూడు మాటల దూరం వరకు వెతకమంటే చాలు.

దెబ్బ తిన్నది “కాలు జారడం” దగ్గర. అదీ లిస్టులో పెట్టాం, తప్పుదారి పట్టడం అని. అంతే, బాత్రూంలో కాలు జారి పడ్డ ముసలావిడకి నీతి తప్పిన కథ అంటగట్టింది మెషీన్. లిస్టులోంచి తీసేస్తే రెండో అర్థం పోతుంది, ఉంచితే మొదటి అర్థం పోతుంది. తర్వాత “చేతులెత్తేశాడు” కూడా అంతే, పోలీసుల ముందా, అప్పులవాళ్ళ ముందా అన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. పక్కన “బాత్రూం, తడి, మెట్లు” లాంటి మాట ఉంటే మామూలు అర్థం తీసుకో అని రూలు రాశాం, అలాంటివి ఒక్కో నుడికారానికి ఐదారు రాయాలి, రాసేకొద్దీ ఒకదాన్నొకటి కొట్టుకునేవి. అక్కడ ఆగిపోయాం.

స్టాటిస్టికల్ కాలంలో ఇంకో కష్టం. అది మాటని విప్పేది కాదు, చూసిన ముక్కనే గుర్తు పెట్టుకునేది. ఇంగ్లీష్ క్రియకి నాలుగైదు రూపాలు, తెలుగు క్రియకి వందలు. “నీళ్ళు నమిలాడు” అనేది రెండుసార్లు చూసి నేర్చుకున్నా “నమలొద్దు” అంటే దానికి కొత్త మాటే.

---

డేటా_కుర్రాడు · రాత్రి 8:50

మాస్టారూ, న్యూరల్‌లో ఆ ఇబ్బంది లేదు కదా, మాటల్ని చిన్న చిన్న ముక్కలుగా కోసుకుంటుంది, “నమల్” అనే ముక్క దొరికితే మిగతా రూపాలు దానికే అర్థమవుతాయి. పక్క మాటలు కూడా చూస్తుంది, కాబట్టి బాత్రూం ఉంటే కాలు జారడం మామూలు అర్థమే తీసుకుంటుంది.

పొద్దున్న నేను చెప్పిందాంట్లో తప్పు ఒప్పుకుంటున్నా, ఇంగ్లీష్‌లో లేని గౌరవాన్ని డేటా తేలేదు. కానీ హిందీ-తెలుగు నేరుగా ట్రైన్ చేస్తే అది పోవాలి కదా? 2021లో ఐఐటీ మద్రాస్ వాళ్ళ ఏఐ4భారత్ నుంచి “సమానాంతర్” వచ్చింది, అందులో భారతీయ భాషల మధ్యే 55 జతలకి కలిపి 8 కోట్ల 34 లక్షల వాక్యాల జంటలు ఉన్నాయి. అందులో హిందీ-తెలుగు కూడా ఉంది.

---

మాటల_మూట · ఆదివారం, ఉదయం 7:30

మంచి మాట ఎత్తావు, గొప్ప పని అది. కానీ ఆ 8 కోట్ల చిల్లర ఎలా పుట్టాయో చూశావా? ఒక ఇంగ్లీష్ వాక్యానికి హిందీ జంట ఉంది, అదే ఇంగ్లీష్‌కి తెలుగు జంట ఉంది, రెంటినీ కలిపి హిందీ-తెలుగు జంట అన్నారు. అంటే కలిపే ముడి మళ్ళీ ఇంగ్లీషే. ఎవరో హిందీలో “ఆప్” అని రాసుంటారు, ఇంకెవరో తెలుగులో “నువ్వు” అని రాసుంటారు, ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలీదు. ఆ జంట చూసిన మెషీన్ “ఆప్” అంటే ఒక్కోసారి నువ్వు అని నేర్చుకుంటుంది. వార్తల్లాంటి వాటికి ఇది అడ్డు కాదు, వార్తల్లో “నువ్వు” ఎవరంటారు? సంభాషణ దగ్గరే తేలుతుంది.

నుడికారాల మీద నువ్వన్నది సగం నిజం. ముక్కలు చేయడం వల్ల రూపాల బాధ తగ్గింది, ఒప్పుకుంటా. కానీ ముక్కల అర్థాలు పేర్చి వాక్యం అర్థం కట్టడం దానికి ఎంత బలమో నుడికారం దగ్గర అంత బలహీనం, ఎందుకంటే నుడికారం అర్థం ముక్కల్లో ఉండదు. 2022లో ఎడింబరో నుంచి వెర్నా డాంకర్స్ వాళ్ళు ఇంగ్లీష్ నుంచి ఏడు యూరప్ భాషల్లోకి వెళ్ళే మెషీన్లని లోపలికంటా చూశారు. అర్థం సరిగ్గా పట్టుకున్నప్పుడు లోపల నుడికారం మాటలన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఒక ముద్దలా ఉన్నాయి, చుట్టుపక్కల మాటలతో సంబంధం తగ్గించుకున్నాయి. కానీ అలా జరిగేది తక్కువ, ఎక్కువగా మక్కీకి మక్కీ చేసేస్తున్నాయి. అవన్నీ డేటా దండిగా ఉన్న భాషలు, మనది కాదు.

సరళ గారి ఉప్పు-కారం సంగతి ఇంకా కష్టమైన రకం. “గాయం మీద ఉప్పు” చదివినవాడికి అర్థమైపోతుంది, తప్పు అని ఎవరూ పట్టుకోరు. హిందీలో ఉప్పు, ఇంగ్లీష్‌లో ఉప్పు, మనకే కారం. మార్కులు వేసే పద్ధతి కూడా దీన్ని పట్టుకోదు. 2002 నుంచి వాడుతున్న బ్లూ అనే కొలత ఉంది, మనిషి చేసిన అనువాదంతో ఎన్ని మాటల వరసలు కలిశాయో లెక్కపెడుతుంది. కూర్చో బదులు కూర్చోండి వస్తే దానికి పోయేది ఒక్క మాట. అత్తగారింట్లో పోయేది వేరే.

---

ఓరుగల్లు_పోరడు · ఉదయం 8:05

అందరు ఒక్కటే తీర్గ మాట్లాడుతున్రు, నాదొక మాట ఇనుండ్రి. మా ఇంట్ల నాయినని, అమ్మని, పెద్దనాయినని “నువ్వు” అనే అంటం. “నాయినా, నువ్వు తిన్నవా?” అంటే అండ్ల గౌరవం లేదని కాదు, ప్రేమ ఉన్నది. “మీరు తిన్నారా నాన్నగారూ” అంటే మా నాయిన “ఏందిరా, కోపమొచ్చిందా” అని అడుగుతడు. మీరు మెషీన్‌కి అత్త కనబడంగనే “మీరు” అని నేర్పిస్తే మా ఇండ్లల్ల మాటంత తప్పయితది. సీరియల్లల్ల గిప్పటికే అంత గదే భాష.

---

కోనసీమ_పిన్ని · ఉదయం 8:40

బాబూ, మీ ఇంట్లో పద్ధతి మీది, కాదనను. మా వైపు కోడలు అత్తగార్ని నువ్వు అంటే ఊరంతా చెప్పుకుంటారు. అమ్మని మాత్రం మేమూ నువ్వనే అంటాం. సీరియల్ అందరూ చూస్తారు కాబట్టి “మీరు” అని పెట్టేస్తే ఎవరికీ బాధ ఉండదు కదా అని నా ఉద్దేశం.

---

ఓరుగల్లు_పోరడు · ఉదయం 8:52

అందరు అంటే ఎవరు పిన్నీ? అదే నేను అడుగుతున్న.

---

సరళ_సబ్స్ · ఉదయం 11:20

ఇద్దరి మాటలూ నాకు పనికొస్తాయి అండి, దయచేసి గొడవ పడకండి. ఈ సీరియల్ కుటుంబం లక్నోలో ఉంటుంది, హిందీలోనే ఆప్ అంటోంది కాబట్టి ఇక్కడ “మీరు” సరైనదే అనుకుంటున్నా. కానీ కథే కరీంనగర్‌లో జరిగేదైతే ఓరుగల్లు గారన్నట్టే రాయాలి.

మాస్టారూ, జర్మన్ సంగతి చెప్తానన్నారు. ఇంకోటి, లైన్లన్నీ కలిపి ఒకేసారి ఇస్తే, ఈమధ్య వచ్చిన పెద్ద మోడల్స్ మొత్తం ఫైల్ చదువుతాయంటున్నారు కదా, దాంతో తీరుతుందా?

---

మాటల_మూట · మధ్యాహ్నం 12:30

జర్మన్‌లో డూ, జీ అని మన నువ్వు-మీరు లాంటివే ఉన్నాయి, ఇంగ్లీష్ నుంచి వెళ్ళేటప్పుడు వాళ్ళకీ అదే తలనొప్పి. 2016లో ఎడింబరోలోనే సెన్రిచ్, హాడో, బర్చ్ అనేవాళ్ళు ఒక ఉపాయం చేశారు, అది సినిమా సబ్‌టైటిల్స్ మీదే. ట్రైనింగ్ ముందు జర్మన్ వైపు చూసి డూ ఉందా జీ ఉందా గుర్తించి, ఇంగ్లీష్ వాక్యం చివర ఒక గుర్తు తగిలించారు. మెషీన్ ఆ గుర్తుకీ మర్యాదకీ ముడి ఉందని నేర్చుకుంది. తర్వాత వాడేటప్పుడు గుర్తు మనమే పెడతాం:

```
Sit down, I'll get it. <V>
Sit down, I'll get it. <T>
```

మొదటిది మీరు, రెండోది నువ్వు అనుకోండి. ప్రతి వాక్యానికీ సరైన గుర్తు ముందే తెలిస్తే బ్లూ కొలతలో 3.2 పాయింట్ల దాకా పెరిగింది, ఒక్క మర్యాద గుర్తుకి అది చాలా ఎక్కువ.

తెలుగుకి అదే చేయబోతే ట్రైనింగ్ దగ్గరే చిక్కు. “మీరు” అని మాట కనిపిస్తే సరే, మనం దాన్ని వదిలేస్తాం కదా. “వచ్చారా?” అన్నది మీరా, ఆయనా, వాళ్ళా? గుర్తు తప్పు పడుతుంది. ఇంకా, మనకి రెండే మెట్లు కావు. రా, రారా, రావే, రావోయ్, రావయ్యా, రండి, దయచేయండి, ఒక్కోటి ఒక్కో సంబంధం. రెండు గుర్తులతో ఇవన్నీ ఎలా పట్టిస్తాం?

పెద్ద మోడల్ మొత్తం ఫైల్ చదువుతుంది, నిజమే, గంతులు చాలా తగ్గుతాయి, నేను చూశాను. కానీ మీ ఫైల్ మళ్ళీ చూడండి, నంబరు, టైము, మాట. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు అన్నది ఎక్కడుంది? తెర మీద కోడలు ఎవరి వైపు తిరిగిందో ఫైల్‌లో లేదు. 214 భర్తకి, 215 అత్తకి. రెండూ ఒకరికే అనుకుంటుంది అది.

నా సలహా ఒకటే. మెషీన్‌కి ఇచ్చేముందు సంబంధాల పట్టిక ఒకటి రాసుకోండి. కోడలి నుంచి అత్తకి మీరు, “అత్తయ్యా”. అత్త నుంచి కోడలికి నువ్వు, “అమ్మాయ్”. కోడలి నుంచి భర్తకి మీరు, “ఏమండీ”. భర్త నుంచి కోడలికి నువ్వు, పేరు. ఇవి రెండువైపులా ఒకటి కావు కాబట్టి ప్రతి జంటకీ రెండు గళ్ళు కావాలి. తర్వాత ఫైల్‌లో ప్రతి లైన్ ముందు ఎవరు, ఎవరితో అని రెండక్షరాలు పెట్టి పెద్ద మోడల్‌కి పట్టికతో సహా ఇవ్వండి. మెషీన్ సరిగ్గా పట్టుకుందో లేదో చూడటానికి మొత్తం చదవక్కర్లేదు, ఒక జంట లైన్లు మాత్రం వడకట్టి వరసగా చదివితే తేడా కొట్టే లైన్ వెంటనే కనిపిస్తుంది.

---

సరళ_సబ్స్ · మంగళవారం, రాత్రి 9:45

మాస్టారూ, చేశాను. ఆరుగురు పాత్రలు, ముప్పై గళ్ళ పట్టిక వచ్చింది, కొన్ని జంటలు ఒకరితో ఒకరు మాట్లాడుకోనే లేదు కాబట్టి పద్దెనిమిదే నింపాను. లైన్లకి గుర్తులు పెట్టడానికి వీడియో చూస్తూ గంటన్నర పట్టింది, కానీ దిద్దడం రెండు రోజుల పని ఒక్క రోజులో అయింది. “సునియే” కి ఈసారి “ఏమండీ” అనే వచ్చింది, పట్టికలో ఉంది కాబట్టి. ఉప్పుని మాత్రం నేనే కారం చేశాను.

ఒక్క లైన్ దగ్గర ఇరుక్కున్నాను. ఎపిసోడ్ చివర్లో కోడలికి నిజం తెలిసిపోతుంది. అప్పటిదాకా ఆప్ అన్న పిల్ల అత్తగారి మొహం మీదే “తుమ్‌సే యే ఉమ్మీద్ నహీఁ థీ” అంటుంది. ఆ ఒక్క “తుమ్” కోసమే సీన్ అంతా కట్టారు, అత్తగారి మొహం క్లోజప్‌లో చూపిస్తారు. ఇంగ్లీష్‌లో ఉత్త “యు”. మెషీన్ పట్టికని నమ్మి “మీ నుంచి ఇది ఊహించలేదు” అని ఇచ్చింది. పట్టిక ప్రకారం కరెక్టే, సీన్ ప్రకారం చచ్చిపోయింది.

---

డేటా_కుర్రాడు · రాత్రి 10:02

“నీ నుంచి ఇది ఊహించలేదు” అని పెట్టేయండి, ఆ లైన్‌కి గుర్తు మారిస్తే అయిపోద్ది.

---

మాటల_మూట · రాత్రి 10:30

అంత తొందరొద్దు. హిందీకి మూడు మెట్లు, ఆప్, తుమ్, తూ. కోడలు ఒక్క మెట్టు దిగింది, రెండు దిగలేదు. మనకి మధ్య మెట్టు లేదు, “నువ్వు” అంటే తుమ్ తో పాటు తూ కూడా వచ్చి పడుతుంది. కోడలు దిగిన దానికన్నా కిందికి దించేసినట్టవుతుంది ఆ పిల్లని.

---

కోనసీమ_పిన్ని · రాత్రి 10:41

“మీరు” ఉంచి “అత్తయ్యా” తీసేయమ్మా. ఎపిసోడ్ అంతా నోరారా అత్తయ్యా అత్తయ్యా అన్న పిల్ల ఒక్కసారి ఆ పిలుపు మానేసి “మీరు ఇంత పని చేస్తారనుకోలేదు” అంటే మా వైపు ఆడవాళ్ళకి గుండె ఝల్లుమంటుంది.

---

ఓరుగల్లు_పోరడు · రాత్రి 10:55

మాకైతే ఝల్లుమనది పిన్నీ, మాకు “మీరు” అంటెనే దూరం పెట్టినట్టు. మా దిక్కు అయితే మొదట్నుంచి “నువ్వు” అని, గిక్కడ “మీరు” అంటె సరిగ్గ తగులుతది, మీదానికి ఉల్టా.

---

సరళ_సబ్స్ · రాత్రి 11:20

పిన్నిగారి మాట తీసుకుని “మీరు ఇంత పని చేస్తారనుకోలేదు” అని పెట్టాను, ముందు లైన్‌లో వచ్చిన “అత్తయ్యా” కూడా తీసేశాను, క్లోజప్‌కి ముందు కాస్త వెలితి తెలియాలని. ఫైల్ పంపేశాను. ఓరుగల్లు గారూ, మీరన్నది రాసిపెట్టుకున్నా, పై నెల నల్గొండ కథ ఒకటి ఉందంటున్నారు, దానికి పట్టిక వేసేటప్పుడు మిమ్మల్ని అడుగుతా.